సంత పరుగు

మా ఆవిడకి కోపం వస్తే ముందు బూట్లు వేసుకుంటుంది. ఇంట్లో గిన్నెలు విసిరే రకం కాదు. ఎవరి మీద కోపం వచ్చిందో వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి, మొహం మీదే కడిగేసి, తిరిగొచ్చి శుభ్రంగా అన్నం తింటుంది. పేరు నిర్మల. అరకులో ఆడపిల్లల గురుకులంలో ఆటలు నేర్పే టీచరు. నేను ఆవిడ మొగుణ్ణి, రవిబాబుని. స్కూలు దాటాక రోడ్డు కొండెక్కడం మొదలుపెట్టే మలుపులో నాకు కిరాణా కొట్టుంది. నాకూ కోపం తక్కువేం కాదు గానీ, నాది గల్లా దగ్గర కూర్చుని పళ్ళు నూరుకునే కోపం. పోయిన శీతాకాలంలో మొదలైన ఆ నూరుడు ఇంకా ఆగలేదు. అందుకే రాస్తున్నాను.

ముందు నిర్మల పరుగు నేర్పే పద్ధతి చెప్పాలి. ఎందుకంటే ఊళ్ళో సగం మంది ఆవిడకి పిచ్చి అనుకున్నది దాని వల్లే.

పొద్దున్నే మంచులో నేను షట్టరు ఎత్తుతుంటే పిల్లలు స్కూలు గేటు దాటి, నా కొట్టు ముందు నుంచి, కాఫీ తోటల దాకా ఎక్కి, మళ్ళీ దిగి వస్తారు. రన్నింగ్ టీమంటే ఈలలూ, కేకలూ, రొప్పులూ ఉంటాయనుకుంటాం కదా. వీళ్ళు కబుర్లు చెప్పుకుంటూ పరిగెడతారు. హాస్టల్లో ఎవరి దుప్పటి ఎవరు లాక్కున్నారు, వంటమనిషి ఎవరికి ఎక్కువ గుడ్డు వేసింది, ఏ ఊళ్ళో ఎవరి అక్క ఎవరితో మాట్లాడుతోంది, అన్నీ నా కొట్టు ముందు నుంచే వెళ్ళాలి. అరకులో ఏ కబురైనా నాకు పేపరు కంటే ముందు తెలుస్తుందంటే కారణం ఈ గుంటలే. తిరిగొచ్చాక నిర్మల గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ అడుగుతుంది.

"ఏటి మాటాడుకున్నారు?"

ఎన్ని కిలోమీటర్లు, ఎంతసేపు అని కాదు. ఏటి మాటాడుకున్నారు, అంతే. చెప్పలేకపోతే ఆ పిల్ల ఎక్కువ వేగంగా పరిగెత్తినట్టు లెక్క. మర్నాడు ఆ పిల్లని అందరికంటే వెనక పరిగెత్తిస్తుంది.

దీనికి ఆవిడ పెట్టిన పేరు సంత పరుగు. అరకు వచ్చిన కొత్తలో ఓ శుక్రవారం ఇద్దరం సంతకి వెళ్ళాం. పై ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు నెత్తిన పసుపు, చింతపండు, పిప్పళ్ళు పెట్టుకుని దిగుతున్నారు. ఎప్పుడో చీకటితో బయల్దేరిన వాళ్ళు. మోసే బరువు మోస్తూనే ఉన్నారు, చెప్పే మాట చెప్తూనే ఉన్నారు, ఎవరికీ ఆయాసం లేదు. నిర్మల ఉల్లిపాయలు బేరమాడటం మానేసి వాళ్ళనే చూస్తూ నిలబడిపోయింది. సోమవారం స్కూల్లో పిల్లలకి చెప్పేసింది. "మీయమ్మలు సంతకెలా నడుస్తారో మీరలా పరిగెట్టండి. మాట తెగకూడదు. కొండ ఎక్కుడొచ్చి మాట తెగిందా, స్పీడు తగ్గించండి. అప్పటికీ తెగుతుందా, నడవండి. నడిస్తే ఎవరూ మిమ్మల్ని కొట్టరు."

పిల్లలు పడీ పడీ నవ్వారట. టీచరే నెమ్మదిగా పొమ్మనడం వాళ్ళెప్పుడూ వినలేదు.

నిర్మలది పార్వతీపురం పక్కన పల్లెటూరు, చెరకు పండించే ఇల్లు. చిన్నప్పుడు తనూ పరిగెత్తింది, జిల్లా దాకా గెలిచింది. అప్పటి కోచ్ ఒకాయన రోజూ చెరకు తోట గట్టు మీద ప్రాణం పోయేలా పరిగెత్తించేవాడు. నిన్నటి కంటే ఇవాళ ఒక్క సెకను ఎక్కువ పట్టినా బెత్తం. మొదట్లో టైము తగ్గింది, తర్వాత ఆగిపోయింది, ఆ తర్వాత పెరగడం మొదలెట్టింది. టైము పెరిగిందని ఇంకా పరిగెత్తించాడు. చివరికి మోకాలి కింద ముందువైపు ఎముక సన్నగా చిట్లింది. అక్కడితో సరి. ఇప్పటికీ వాన పట్టినప్పుడు ఆ కాలు నొక్కుకుంటూ ఆయన్ని తిడుతుంది. పీఈటీ ట్రైనింగులో ఓ మేడమ్ గుండె సంగతీ ఊపిరి సంగతీ విడమర్చి చెప్పాక ఆ తిట్లు రెట్టింపయ్యాయి. తన దగ్గరికొచ్చిన ఏ పిల్లకీ ఆ గతి పట్టనివ్వనని అప్పుడే అనుకుందట.

ఆ సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పిందంటే, నేనే పాఠం చెప్పగలను. మాట్లాడగలిగే వేగంలో పరిగెడితే ఒంటికి కావలసిన గాలి ఒంటికి అందుతూనే ఉంటుంది. అలా నెలల తరబడి పరిగెడితే గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం తోయడం నేర్చుకుంటుంది. కాలి కండల్లో సన్న రక్తనాళాలు కొత్తవి పుడతాయి. కండ ఆ గాలితోటే ఒంట్లో కొవ్వుని నెమ్మదిగా కాల్చుకుని ఎంత దూరమైనా పోవడం అలవాటు చేసుకుంటుంది. దూరం పరుగుకి పునాది అదే. గట్టి పరుగూ ఉంటుంది. అది లేకపోతే రేసులో వేగం రాదు. కానీ వారంలో రెండు రోజులే. ఆ రెండు రోజులూ ప్రాణం పెట్టి పరిగెత్తాలంటే మిగతా రోజులు కాళ్ళు కోలుకోవాలి. రోజూ ఓ మాదిరి ఆయాసంతో పరిగెత్తే వాళ్ళు అటు కోలుకోరు, ఇటు గట్టిగా పరిగెత్తలేరు. రోజూ కష్టపడుతున్నామన్న తృప్తి మాత్రం మిగులుతుంది.

పునాది కంటికి కనపడదు. అదే వచ్చిన చిక్కు. నవ్వుకుంటూ పోతున్న పిల్లలు మాత్రం ఊరందరికీ కనపడతారు.

పాంగి గాయత్రి ఆ పిల్లల్లో ఒకతి. పై ఊళ్ళో కాఫీ, మిరియం వేసుకునే వాళ్ళమ్మాయి. పొడుగు కాళ్ళు, కోపం ముక్కు మీదే. మా ఆవిడకి దొరికిన సరిజోడు. క్రితం ఏడాది జూనియర్ ఆడపిల్లల క్రాస్‌కంట్రీ సెలక్షన్స్‌లో, అంటే పొలాల్లో గట్ల మీద ఆరు కిలోమీటర్ల పరుగులో, ఎనిమిదో స్థానం వచ్చింది. రాష్ట్ర జట్టుకి ఆరుగుర్నే తీసుకుంటారు. ఈ ఏడాది దాటితే జూనియర్ వయసు అయిపోతుంది. ఇదే ఆఖరి అవకాశం. ఆ చోటు తనదేనని గాయత్రీ అనుకుంది, నిర్మలా అనుకుంది. అనుకోవడానికి కారణమూ ఉంది. ఏడాది క్రితం ఏ వేగంలో మాట తెగేదో, ఈ దసరాకి అదే వేగంలో నా కొట్టు ముందు నుంచి వార్డెన్ గొంతు అనుకరిస్తూ పోతోంది. పిల్ల తొందరపడలేదు. ఒళ్ళే ఎదిగింది.

సరిగ్గా అప్పుడు దిగాడు సర్వేశ్వరరావు గారు.

ఆయనది కింద కోస్తా ఊరు. అరకులో లాడ్జి ఉంది. టూరిస్టుల సీజనుతో బాగా సంపాదించాడు, అది ఆయన కష్టం, నేను కాదనను. యాభై దాటాక ఆయనకి ఆరోగ్యం మీద మోజు పుట్టింది. బీచ్ దగ్గర ఏదో పరుగుకి వెళ్ళి మెడలో ఓ బిళ్ళ వేసుకొచ్చాడు. అక్కణ్ణుంచి పరుగంటే ఆయనకి తెలియనిది లేదు. ఓ ఉదయం నా కొట్లో నిలబడి గ్రీన్ టీ ఉందా అని అడుగుతూ పిల్లల్ని చూశాడు.

"ఏంటి రవిబాబూ, వీళ్ళు పరిగెడుతున్నారా, పేరంటానికి వెళ్తున్నారా?"

"అది తేలిక పరుగండీ. అలాగే ఉండాలిట."

"నోరు ఆడుతోందంటే ఒళ్ళు ఆడట్లేదనే కదయ్యా. గిరిజన పిల్లలు, పుట్టుకతోనే చిరుతలు. పాడు చేస్తున్నారు."

పుట్టుకతో చిరుతలట! పిల్లలు పొద్దున్నే లేచి మంచులో పడే పాటంతా ఆ ఒక్క మాటతో ఊడ్చేశాడు. నాకు ఒళ్ళు మండింది. పళ్ళు నూరుకుని గ్రీన్ టీ లేదన్నాను. ఉంది.

వారం తిరక్కుండా ఆయన స్కూలుకి పది చేతి గడియారాలు ఇచ్చాడు. ఎంత దూరం, ఎంత వేగం అన్నీ చూపించేవి. ప్రిన్సిపాల్ మేడమ్ దండ వేసి ఫొటో తీయించింది. నిర్మల కూడా సంతోషించింది. గట్టి పరుగు రోజుల్లో పనికొస్తాయనుకుంది. కానీ ఆయన వాటిని వార్డెన్ ఫోనుకి కలిపించి, 'అరకు చిరుతలు' అని వాట్సాప్ గ్రూపు పెట్టించాడు. అందులో టీచర్లు, లాడ్జి స్నేహితులు, ఫోనున్న తల్లిదండ్రులు. ఏ రోజుకారోజు ఎవరెంత వేగమో వరసగా వచ్చేది. పైనున్న పేరుకి చప్పట్లు. కిందున్న పేరుకి తాబేలు బొమ్మ.

కొండెక్కే పరుగుకీ మైదానం పరుగుకీ ఒకే లెక్క! ఎక్కుడులో వేగం తగ్గితేనే కష్టం ఒకలా ఉంటుందని ఆ గడియారానికి తెలీదు, పెట్టుకోమన్న మనిషికి అంతకన్నా తెలీదు. సంత పరుగు ఉన్న ఓ రోజున గాయత్రి పేరుకి తాబేలు పడింది. ఆ సాయంత్రమే వాళ్ళ నాన్న ఫోన్ చేశాడు. "నువ్వు నడస్తన్నావంట. ఊరంతా నవ్వతన్నారు. అక్కడికి పంపింది దీనికేటి?" అన్నాడట. ఇది నాకు తర్వాత తెలిసింది.

నాకు అప్పుడు తెలిసిందల్లా ఒకటే. కార్తీకం వెళ్ళాక, నూనెగింజల ఒలిసె చేలు పసుప్పచ్చగా పూసి, టూరిస్టుల కార్లు రోడ్డుకడ్డంగా ఆగుతున్న రోజుల్లో, నాకు కబుర్లు అందడం మానేశాయి.

మొదట చలి వల్లేమో అనుకున్నాను. తర్వాత చెవి పెట్టాను. బూట్ల చప్పుడు, రొప్పు. పిల్లలు గుంపుగా నా కొట్టు దాటిపోతున్నారు. ముందు గాయత్రి, దవడ బిగించుకుని. ఆ వెనక చాలాసేపటికి సాయిదుర్గ ఒక్కతీ వస్తోంది. ఆ పిల్లకి నోరు మూసుకోవడం చేతకాదు. పక్కన ఎవరూ లేకపోతే పాటలు పాడుకుంటుంది. గుంపుతో పోలేక, పోవాలని కూడా లేక, పాడుకుంటూ వెళ్ళిపోయింది. తాబేలు బొమ్మ రోజూ ఆమెదేనట.

రాత్రి భోజనాల దగ్గర అన్నాను. "ఈమధ్య మీ పిల్లలు మాట్లాడటం లేదేంటి?"

"ఎందుకు మాటాడ్డం నేదు? ఇవాళ వార్డెన్ కిటికీ పరదా మేక తినీసిందని నలుగురూ సెప్పి నవ్వీసినారు."

"నా కొట్టు ముందు మేకా రాలేదు, పరదా రాలేదు. కుక్క తరిమినట్టు పోయారు."

నిర్మల చెయ్యి కంచంలో ఆగిపోయింది. కొన్నాళ్ళుగా గట్టి పరుగు రోజున గాయత్రి టైము పెరుగుతోంది. పొద్దున్న లేవగానే నాడి చూసుకోమంటే ఎప్పుడూ ఉండేదానికంటే ఎక్కువ కొట్టుకుంటోంది. నిద్ర పట్టట్లేదంది. చిన్న మాటకే ఏడ్చింది. రక్తం తక్కువగా ఉందేమోనని ఆస్పత్రికి తీసికెళ్తే బాగానే ఉందన్నారు. దూరం తగ్గించి చూసింది, అయినా మారలేదు. రోజూ గేటు దగ్గర కబుర్లు బ్రహ్మాండంగా చెప్తున్నారు మరి, తేలిక పరుగు తేలికగానే సాగుతోందనుకుంది.

మర్నాడు చీకటితోనే నాతో కొట్టుకొచ్చి, ఉల్లిపాయల బస్తాల వెనక కూర్చుంది. మా పెళ్ళయ్యాక నేను మా ఆవిడని అలా నక్కి కూర్చోబెట్టింది అదే మొదలు. నవ్వబోయి, మొహం చూసి మానుకున్నాను. పిల్లలొచ్చారు. రొప్పుతూ ఎక్కారు, రొప్పుతూ దిగారు. ఒక్క మాట లేదు. ఆ వెనక ఎక్కడో సాయిదుర్గ పాట.

నిర్మల బస్తాల్లోంచి లేచి రోడ్డు మధ్యకెళ్ళి నిలబడింది. జుట్టులో ఉల్లి పొట్టు. పిల్లలు బిక్కచచ్చిపోయారు.

"ఏటే గాయత్రీ, ఏటి మాటాడుకున్నారు?"

పిల్ల వంగి మోకాళ్ళు పట్టుకుంది. "మే... మేడమ్... వంట..." ఊపిరి అందలేదు.

"వంటమనిషి ఏటి సేసింది? పూర్తిగా సెప్పు. బేగి సెప్పు."

సంగతి బయటపడింది. రాత్రి హాస్టల్లో అన్నం దగ్గర కూర్చుని మర్నాటి కబుర్లు ముందే కల్పించుకుంటున్నారట. ఎవరేం చెప్పాలో, ఎక్కడ నవ్వాలో కూడా అనుకునేవారు. గేటు దగ్గరపడేసరికి కాస్త నడిచి రొప్పు తగ్గించుకునేవారట. ఒక గుంట మేక, ఒక గుంట పరదా. రేసుకి కాదు గానీ, నాటకానికి పంపితే ఫస్టు ప్రైజు వచ్చేది వీళ్ళకి!

"మూడు వారాలు! ఎవర్ని మోసం సేత్తన్నావే? నన్నా? నాకేటి పోయింది? నీ కాళ్ళని మోసం సేసినావు!" నిర్మల అరుపుకి ఎదురింటి కిటికీ తెరుచుకుంది. "తేలిక రోజుల్లో తేలికగా పోతేనే గట్టి రోజున గట్టిగా పోతావని వందసార్లు సెప్పినానా? రోజూ రేసే అయితే రేసు రోజుకేటి మిగుల్తాది?"

గాయత్రి కూడా ఊరుకునే రకం కాదు. ఊపిరి అందగానే అరిచింది. "నన్ను తాబేలన్నారు మేడమ్! మా నాన్నకి పంపించినారు! మీరొచ్చి ఆపినారా?"

నిర్మల ఆ గ్రూపులో లేదు. ఆవిణ్ణి ఎవరూ చేర్చలేదు. గడియారాల లెక్క వార్డెన్ దగ్గర ఉందని మాత్రమే తెలుసు. పిల్ల చేతిలో గడియారం తీయించింది. మిగతా వాళ్ళవీ తీయించింది. అన్నీ చున్నీలో మూటకట్టుకుని లాడ్జి వైపు నడిచింది. బూట్లు ఎలాగూ వేసుకునే ఉంది. నేను షట్టరు దించి వెనకాల పరిగెత్తాను. ఇద్దర్లో ఎవర్ని కాపాడటానికో నాకే తెలీదు.

సర్వేశ్వరరావు గారు లాడ్జి మెట్ల దగ్గర వాకింగుకి తయారవుతున్నాడు. నిర్మల మూట విప్పి ఆయన కాళ్ళ దగ్గర మెట్టు మీద పెట్టింది.

"మీ గడియారాలు మీరు తీసుకోండి. మా పిల్లల్ని మాకొదిలెయ్యండి."

"ఏంటమ్మా ఇది? నేనేదో ప్రోత్సాహం కోసం..."

"మీరు రోజూ ఈ ఎక్కుడు నడుస్తారు కదండీ. రండి, నడుస్తూ మాటాడదాం."

ఆయన కాదనలేకపోయాడు, చుట్టూ టూరిస్టులున్నారు. ముగ్గురం కొండ రోడ్డు పట్టాం. నిర్మల కాస్త వేగంగానే నడిచింది. పరుగు కాదు, నడకే. ఆయన ఉపన్యాసం మొదలుపెట్టాడు. పోటీ తత్వం గురించి, లక్ష్యం గురించి. నాలుగు అడుగులకో కామా పడింది. తర్వాత రెండడుగులకే. మలుపు దగ్గరికొచ్చేసరికి "క్రమ..." అన్నాడు, "...శిక్షణ" అనడానికి చెట్టు పట్టుకుని ఆగాల్సొచ్చింది.

"మీకు మాట తెగిందండీ," అంది నిర్మల. ఆవిడ గొంతులో రొప్పు లేదు, దయ కూడా లేదు. "అంటే మీ ఒంటికి ఇది తేలిక కాదు. వారంలో ఏ రోజూ వదలకుండా మిమ్మల్ని ఇలాగే ఎక్కించి, ఆగితే మీ బంధువులందరికీ తాబేలు బొమ్మ పంపిస్తే, మీరు బలపడతారా, మంచం పడతారా?"

ఆయనకి జవాబు చెప్పే ఊపిరి లేదు. దిగి వచ్చాక మాత్రం ప్రిన్సిపాల్ మేడమ్‌కి ఫోన్ చేయడానికి బాగానే వచ్చింది. నిర్మలకి మెమో ఇస్తామన్నారు. దాత గారిని అవమానించినందుకట. ఆవిడ ఆ సాయంత్రం బాగా ఆకలేసి రెండు మార్లు అన్నం పెట్టించుకుంది.

సెలక్షన్స్‌కి ఇంక మూడు వారాలు. గట్టి పరుగులు ఆపేసింది. కొన్నాళ్ళు పూర్తి విశ్రాంతి, తర్వాత ఒట్టి సంత పరుగు, అది కూడా పొట్టిది. ఈసారి గేటు దగ్గర కాదు, గాయత్రి పక్కనే సైకిలు తొక్కుతూ మాట్లాడించింది. పిల్ల మొండికేసి మాట్లాడలేదు. మాట్లాడకపోతే నడిపించింది. చివరికి ఎక్కాలు అప్పజెప్పడం మొదలెట్టింది గాయత్రి, పదహారో ఎక్కం కొండ మీద, పంతొమ్మిదో ఎక్కం దిగేటప్పుడు, ప్రతి అంకెలోనూ పగ. నాడి కిందికి దిగింది. నిద్ర పట్టింది. చివరి వారంలో గట్టి పరుగు చిన్నది ఒకటి పెట్టి చూస్తే పాత వేగం దాదాపు వచ్చింది.

దాదాపు.

సెలక్షన్స్ కింద మైదానాల్లో, కోతలైన పొలాల్లో జరిగాయి. కొట్టుకి తాళం వేసి నేనూ వెళ్ళాను. మన పిల్లలు గాయత్రి, సాయిదుర్గ ఇద్దరే. మూడు చుట్లు. మొదటి చుట్టు గాయత్రి నిర్మల చెప్పినట్టే వెనకే ఉంది, తొందరపడలేదు. రెండో చుట్టులో ఒక్కొక్కరినే దాటుకుంటూ నాలుగో స్థానానికి వచ్చింది. నేను గొంతు చించుకున్నాను. నిర్మల మాత్రం అరవలేదు. పిల్ల భుజాలు చూస్తోంది.

మూడో చుట్టు సగంలో భుజాలు పైకి లేచాయి. అడుగు పొట్టిదయింది. కాళ్ళు లేవట్లేదని నాలాంటి కిరాణా కొట్టువాడికే తెలిసిపోయింది. అయిదో స్థానం. ఆరు. ఇంక చివరి గట్టు. అప్పుడు వెనకనుంచి, ఇంతసేపూ నేను చూడనైనా చూడని పిల్ల, అదే అడుగు, అదే ఊపు, ఏమీ కానట్టు వచ్చి గాయత్రిని దాటింది. సాయిదుర్గ. మూడు వారాల పాటు తాబేలు అనిపించుకుని పాటలు పాడుకుంటూ పరిగెత్తిన సాయిదుర్గ.

సాయిదుర్గకి ఆరు. గాయత్రికి ఏడు.

సాయిదుర్గ జట్టులో చోటు గెలిచాక గాయత్రిని పట్టుకుని ఏడ్చింది. గాయత్రి ఏడవలేదు. గడ్డి మీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూసింది. తిరుగు ప్రయాణంలో బస్సు ఘాట్ రోడ్డు ఎక్కుతున్నంతసేపూ కిటికీకి తల ఆనించుకుని కూర్చుంది. మా ఆవిడ మౌనంగా ఉండటం నేను భరించలేను. ఆ బస్సులో ఎవరినైనా తిట్టి ఉంటే నాకు ప్రాణం లేచొచ్చేది.

ఇంటికొచ్చేసరికి గ్రూపులో సాయిదుర్గ ఫొటో, ఎవరో నా ఫోనుకి పంపారు. కింద సర్వేశ్వరరావు గారి రాత: "మన చిరుత! శాస్త్రీయ శిక్షణ, ఆధునిక గడియారాల ఫలితం." నూట ఎన్నో చప్పట్లు. ఏ పిల్లకి రోజూ తాబేలు బొమ్మ పెట్టారో ఆ పిల్లే! నాకు ఫోను గోడకేసి కొట్టాలనిపించింది. నా ఫోను గనక కొట్టలేదు. ఆయన ఇప్పటికీ నా కొట్టుకొచ్చి గ్రీన్ టీ అడుగుతాడు. ఇప్పటికీ లేదంటాను.

గాయత్రి గ్రౌండుకి రాలేదు. పరుగు మానేస్తానందట. నిర్మల పిలవడానికి వెళ్ళలేదు. వెళ్ళి ఏమని చెప్పాలి? వచ్చే ఏడాది సీనియర్లలో పది కిలోమీటర్లు, ఇంకా పెద్ద దూరం, ఇంకా పెద్ద పునాది కావాలి, అది పిల్లకి సగం కట్టే ఉంది, ఎవరూ కూల్చలేదు, పైన పడ్డ అలసటే దాన్ని కప్పేసింది. ఇదంతా నాకు చెప్పింది. పిల్లకి చెప్పలేదు.

నాలుగో రోజు పొద్దున్న నిర్మల కొట్లో బస్తా మీద కూర్చుని టీ తాగుతోంది. కింద మలుపులోంచి గొంతు వినిపించింది. గాయత్రిది.

తిడుతోంది. పక్కన సాయిదుర్గ పరిగెడుతుంటే, కొండెక్కుతూ, ఆపకుండా తిడుతోంది. సర్వేశ్వరరావుని తిట్టింది, ఆయన లాడ్జిని తిట్టింది, గడియారాన్ని తిట్టింది, దాన్ని చేసిన వాణ్ణి తిట్టింది. వాళ్ళ నాన్నని తిట్టింది. వార్డెన్‌ని తిట్టింది. నా కొట్టు ముందుకొచ్చేసరికి నా వంతు కూడా వచ్చింది, నేనమ్మే రొట్టె ఎప్పుడూ నిన్నటిదేనట. మంచులో మేం కనపడలేదు.

కొట్టు దాటాక అసలు ఎక్కుడు మొదలవుతుంది. అక్కడ అడుగు పొట్టిది చేసింది, గొంతు మాత్రం తగ్గలేదు.

"ఆ మేడమ్ ఒకర్తి! తనకన్నీ తెలుసంటాది. మూడు వారాలు మనం బొంకితే గేటు కాడ నిల్సుని ఇన్నాది, నవ్వినాది. నా మొకం సూస్తే తెలీదేటి? నా రొప్పు ఇంటే తెలీదేటి? మేకంటే మేకే అనుకున్నాది. నాకు సెడ్డ కోపం ఒస్తన్నాదే ఆవిడ మీద. ఆ ఆరో నంబరు నాదే!"

ఆ గొంతు మలుపు తిరిగి, కాఫీ తోటల వైపు పోయి, మంచులో కలిసిపోయే దాకా విన్నాం. నిర్మల చేతిలో టీ చల్లారిపోయింది. ఎవరి గుమ్మానికో బయల్దేరుతుందని చూశాను. కదల్లేదు. కళ్ళు తుడుచుకుంది.

"ఇన్నారేటి? అంత ఎక్కుడులోనూ ఎక్కడా మాట తెగనేదు," అంది.